ఒప్పుకున్న వ్యూస్ రాలేదు: స్పాన్సరుకు లెక్కతో ఉత్తరం ఎలా రాయాలి

ప్రశ్న: బెంగళూరులో ఉంటున్నాను. ఇక్కడికి కొత్తగా వచ్చే తెలుగువాళ్ల కోసం అద్దె ఇళ్ల మీద యూట్యూబ్ ఛానల్ నడుపుతున్నాను. ఒక వాటర్ ప్యూరిఫయర్ కంపెనీకి 30 రోజుల్లో 1,20,000 వ్యూస్ వస్తాయని మాటిచ్చి, 90,000 రూపాయలకు వీడియో చేశాను. సగం అడ్వాన్సు ఇచ్చారు. జనవరి 9న వేసిన వీడియో నెల తిరిగేసరికి 61,000 దగ్గర ఆగిపోయింది. సంక్రాంతి వల్లనో, ఆల్గారిథమ్ వల్లనో తెలియడం లేదు. ఎందుకు తగ్గాయో రాసి పంపమని వాళ్ల మేనేజర్ అడుగుతున్నారు. నా పాత 12 వీడియోల లెక్కలు, ఈ వీడియో లెక్కలు జతచేశాను. షార్ట్స్ వ్యూస్ కూడా కలిపి చూపించవచ్చా? ఏం రాయాలి?

జవాబు:

మీ పట్టికలో ముందుగా నా కన్ను పడింది ఈ వీడియో మీద కాదు, పాత వీడియోల వరుసలో ఉన్న 4,80,000 అంకె మీద. ఆ ఒక్కటీ పక్కన పెడితే మిగతా పదకొండూ 64,000కూ 1,28,000కూ మధ్యనే ఉన్నాయి. మీరు 12 వీడియోల 30 రోజుల వ్యూస్ కలిపి పన్నెండుతో భాగించారు, 1,26,000 వచ్చింది, కాస్త తగ్గించి 1,20,000 అని మాటిచ్చారు. ఆ సగటును పైకి లాగింది ఆ ఒక్క హిట్ వీడియో. పన్నెండింటినీ పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరుసగా పేర్చి నడుమనున్న రెండింటిని చూడండి: 97,000, 93,000. అంటే మీ ఛానల్లో మామూలు వీడియో తెచ్చేది 95,000. మీరు మాటిచ్చిన 1,20,000ను దాటినవి పన్నెండింటిలో రెండే. స్పాన్సరుకు ఇచ్చే హామీని హిట్‌తో కలిపిన సగటు మీద కట్టడం ఈ వృత్తిలో నేను ఎక్కువగా చూసిన పొరపాటు, నేనూ చేసినదే.

అందుచేత ఉత్తరంలో మొదటి లెక్క ఇది కావాలి: తగ్గిన 59,000లో 25,000 వీడియో వల్ల తగ్గినవి కావు, అంచనా వల్ల తగ్గినవి. ఇది ఒప్పుకుంటే మన తప్పు మనమే బయటపెట్టుకున్నట్టవుతుందని భయపడనక్కరలేదు. వాళ్ల దగ్గర మీ ఛానల్ పేజీ ఉంది, అందులో వ్యూస్ అందరికీ కనిపిస్తాయి, ఈ లెక్క వాళ్లు పది నిమిషాల్లో ఉజ్జాయింపుగా వేసుకోగలరు. మీరే ముందు చెబితే ఆ తరువాత మీరు చెప్పే అంకెలను నమ్ముతారు. వీడియో నిజంగా సంజాయిషీ చెప్పుకోవలసింది మిగిలిన 34,000కు మాత్రమే.

ఆ 34,000 ఎక్కడ పోయాయో చూడటానికి ఈ వీడియోను దేనితో పోల్చాలన్నది ముఖ్యం. నేను పైన చెప్పిన నడుమ వీడియోలు రెండింటినీ తీసుకుని వాటి సగటుతో పోల్చాను. 30 రోజుల్లో వాటికి సగటున 14 లక్షల ఇంప్రెషన్లు వచ్చాయి, వాటిలో నూటికి 5 క్లిక్ అయ్యాయి, అంటే 70,000 వ్యూస్. మిగతా 25,000 ఇంప్రెషన్ల లెక్కలోకి రాని దారుల్లో వచ్చాయి. థంబ్‌నెయిల్ కనీసం సగమైనా కనిపిస్తూ సెకను కంటే ఎక్కువసేపు యూట్యూబ్ తెర మీద ఉంటేనే ఇంప్రెషన్‌గా లెక్కకు వస్తుంది. వాట్సాప్ గ్రూపులో పంచిన లింకు, నోటిఫికేషన్, వీడియో చివరి ఎండ్ స్క్రీన్ ఇందులోకి రావు. స్పాన్సరు ఆఫీసులో ఎవరైనా ఇంప్రెషన్లను క్లిక్ శాతంతో గుణించి, మొత్తం వ్యూస్‌తో సరిపోలడం లేదని అడుగుతారు కనుక ఈ ముక్క ఉత్తరంలో ఒక వాక్యంగా ఉండాలి.

ప్యూరిఫయర్ వీడియోకు 11 లక్షల ఇంప్రెషన్లు, నూటికి 3.6 క్లిక్కులు, అంటే 39,600 వ్యూస్, బయటి దారుల్లో 21,400. ఇలా నెల మొత్తాన్ని ఒకే ముద్దగా చూస్తే ఇంప్రెషన్లూ తగ్గాయి, క్లిక్కులూ తగ్గాయి, రెండింటి వాటా దాదాపు సగం సగం అనిపిస్తుంది. చాలామంది ఇక్కడే ఆగి, ‘యూట్యూబ్ మా వీడియోను తక్కువమందికి చూపించింది’ అని రాసేస్తారు. నెలను రెండు ముక్కలు చేసి చూడండి. జనవరి 13న మీరు థంబ్‌నెయిల్ మార్చారు కాబట్టి అదే సహజమైన గీత.

మొదటి నాలుగు రోజుల్లో మీ మామూలు వీడియోకు 6 లక్షల ఇంప్రెషన్లు వస్తాయి, ఈ వీడియోకూ 6 లక్షలే వచ్చాయి. అంటే యూట్యూబ్ దీన్ని మొదట్లో ఎప్పటిలాగే చూపించింది. తేడా క్లిక్కులో ఉంది: ఎప్పుడూ నూటికి 6 వచ్చే చోట 3.1 వచ్చింది, 36,000 వ్యూస్ రావలసిన చోట 18,600 వచ్చాయి. ఆ నాలుగు రోజుల్లోనే 17,400 పోయాయి, అవన్నీ థంబ్‌నెయిల్, టైటిల్ దగ్గర పోయినవే. 13 తరువాత కథ తిరగబడింది. కొత్త థంబ్‌నెయిల్‌తో క్లిక్ శాతం 4.2కు వచ్చింది, ఆ వయసులో మీ వీడియోలకు మామూలుగా ఉండే 4.25కు సమానమే అనుకోవచ్చు. కానీ 8 లక్షలు రావలసిన ఇంప్రెషన్లు 5 లక్షలే వచ్చాయి, అక్కడ ఇంకో 13,000 పోయాయి. ఆ రెండూ కలిపితే 30,400, బయటి దారుల్లో తగ్గినవి 3,600, మొత్తం 34,000. లెక్క రూపాయికి రూపాయి కుదిరింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. క్లిక్ శాతాన్ని ఎప్పుడూ ఒకే వయసున్న వీడియోలతోనే పోల్చాలి. మొదటి రోజుల్లో వీడియో ఎక్కువగా మీ పాత ప్రేక్షకుల ముందుకు వెళ్తుంది, వాళ్లు మీ ముఖం చూసే క్లిక్ చేస్తారు. తరువాత మీరెవరో తెలియని వాళ్ల దాకా వెళ్లేకొద్దీ శాతం తగ్గడం సహజం, మీ పాత వీడియోల్లో అది 6 నుంచి 4.25కు తగ్గింది కూడా. ఈ వీడియోలో మాత్రం తగ్గవలసిన సమయంలో 3.1 నుంచి 4.2కు పెరిగింది. థంబ్‌నెయిల్ వల్లనే మొదట దెబ్బ తగిలిందని చెప్పడానికి మీ దగ్గరున్న సాక్ష్యాల్లో ఇదే బలమైనది, దీన్ని ఉత్తరంలో వదిలిపెట్టకండి.

మొదటి థంబ్‌నెయిల్ నేను చూశాను. ఎడమవైపు ప్యూరిఫయర్ బొమ్మ, కుడివైపు నీళ్ల గ్లాసు, పైన కంపెనీ రంగుల్లో అక్షరాలు. 13న మీరు పెట్టినది టు-లెట్ బోర్డు ముందు మీరు నిలబడి, చేతిలో తాళంచెవి, ‘పది నెలల డిపాజిట్టా?’ అన్న మాట. మారతహళ్లిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఇల్లు వెతుక్కుంటున్న కర్నూలు కుర్రాడికి మొదటిది ప్రకటనలా కనిపిస్తుంది, రెండోది తన బాధలా కనిపిస్తుంది. ఆ ప్యూరిఫయర్ బొమ్మ పెట్టమన్నది కంపెనీవాళ్లేనని, జనవరి 7 నాటి మెయిల్ ఉందని మీరు రాశారు. ఆ విషయం ఉత్తరంలో ఉండాలి, కానీ వేలెత్తి చూపినట్టు కాదు. వాళ్లు సూచించారు, మీరు ఒప్పుకున్నారు. ప్రేక్షకులు మీవాళ్లు కాబట్టి ‘ఇది పనిచేయదు’ అని ఆరోజే చెప్పవలసినది మీరే. తేదీ వేసి, ‘మీరు సూచించగా నేను అంగీకరించిన’ అని రాస్తే చాలు, మిగతాది చదివినవారే అర్థం చేసుకుంటారు.

13 తరువాత ఇంప్రెషన్లు ఎందుకు కోలుకోలేదన్నది ఇంకాస్త చిక్కు ప్రశ్న. మొదటి రోజుల క్లిక్కులు పడిపోవడం ఒక కారణం కావచ్చు, జనం వీడియోను ఎంతసేపు చూశారన్నది ఇంకో కారణం కావచ్చు. మీ రిటెన్షన్ గ్రాఫు తీసి చూడండి. 40వ సెకనుకు 68 శాతం మంది ఉన్నారు, మీ మామూలు వీడియోల్లో ఆ చోట 70 ఉంటుంది, అంటే ఆరంభంలో లోపం లేదు. అక్కడ ప్యూరిఫయర్ భాగం మొదలై 2 నిమిషాల 10 సెకన్ల దాకా నడిచింది. అది ముగిసేసరికి 41 శాతం మిగిలారు, మామూలుగా ఆ చోట 56 ఉంటుంది. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లకు తలుపు తీయకముందే తొంభై సెకన్లు నీళ్ల గురించి చెప్పాం. ఈ రెండు కారణాల్లో దేని వాటా ఎంతో మన చేతిలో ఉన్న లెక్కలతో విడదీయలేము. ఉత్తరంలోనూ విడదీసినట్టు నటించవద్దు, రెండూ జరిగాయని, ముందు క్లిక్కు తగ్గి తరువాత ఇంప్రెషన్లు తగ్గాయని వరుస మాత్రం చెప్పండి.

సంక్రాంతి సంగతి. పండక్కి బెంగళూరు తెలుగువాళ్లు సగం మంది ఊరెళ్లిపోతారు కాబట్టి ఆ అనుమానం న్యాయమైనదే. కానీ దాన్ని పరీక్షించవచ్చు. పండగ ప్రేక్షకులను లాక్కుపోతే ఒక్క కొత్త వీడియోనే కాదు, ఛానల్లోని పాత వీడియోలన్నిటినీ లాక్కుపోవాలి. మీ పాత వీడియోలు అన్నీ కలిపి పండగకు ముందు రెండు వారాల్లో రోజుకు 21,000 వ్యూస్ తెస్తుండగా, పండగ రోజుల్లో 20,000 తెచ్చాయి. ఇరవైలో ఒక వంతు కూడా తగ్గలేదు. కాబట్టి ఉత్తరంలో సంక్రాంతిని తీసేయండి. ‘పెయిడ్ ప్రమోషన్’ అన్న గుర్తు పడటం వల్ల తగ్గాయన్న వాదన కూడా వద్దు. మీ పన్నెండింటిలో ఆ గుర్తుతో వచ్చినవి రెండున్నాయి, 1,02,000 ఒకటి, 88,000 ఒకటి. అయినా ఆ గుర్తు పెట్టడం మన ఇష్టాయిష్టాలతో పనిలేనిది, యూట్యూబ్ నియమమూ, ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ ఆస్కీ 2021లో తెచ్చిన మార్గదర్శకాలూ అడిగేది అదే.

ఆల్గారిథమ్ అన్న మాట కూడా రానివ్వకండి. కోరమంగలలో ఒక ఏజెన్సీలో పనిచేస్తున్న రోజుల్లో నేను ఒక స్పాన్సరుకు ఆల్గారిథమ్ మారిందని రాసి పంపాను. ఒకే ఒక్క వాక్యంతో జవాబొచ్చింది: ‘ఏ తేదీన మారిందండీ?’ ఆ రాత్రి కూర్చుని తేదీల వారీగా లెక్క తీస్తే మారింది ఆల్గారిథమ్ కాదు, మేము పెట్టిన టైటిల్ అని తేలింది.

ఇక పరిహారం. 90,000 రూపాయలకు 1,20,000 వ్యూస్ అంటే వ్యూకు 75 పైసలు. వచ్చిన 61,000 వ్యూస్‌కు 45,750 అవుతుంది, మీకు ముట్టిన అడ్వాన్సు 45,000. అంటే వాళ్లు మిగతా సగం ఇవ్వకుండా లెక్క తేలిపోయిందంటే కాదనడానికి మీ దగ్గర పెద్దగా ఏమీ ఉండదు. అలా అనకముందే మీరు ఒక ప్రతిపాదన పెట్టాలి. నా అభిప్రాయంలో డబ్బు తగ్గించడం కన్నా, మీరు ఎలాగూ చేయబోయే తరువాతి వీడియోలో అరవై సెకన్ల ప్రస్తావన ఉచితంగా ఇవ్వడం మేలు. తక్కువపడ్డవి 59,000. మీ పన్నెండింటిలో అన్నిటికన్నా తక్కువ వచ్చినది 64,000, ఈ విఫలమైన వీడియో కూడా 61,000 తెచ్చింది. కాబట్టి ఒక్క వీడియోతో ఆ లోటు తీరే అవకాశమే ఎక్కువ. అది కూడా తీరకపోతే మిగిలిన వాటికి వ్యూకు 75 పైసల చొప్పున తగ్గిస్తానని రాయండి, వాళ్లకు అడగడానికి ఇంకేమీ మిగలదు. మీకు జీఎస్టీ ఉండి, పూర్తి మొత్తానికి ఇన్వాయిస్ ముందే ఇచ్చేసి ఉంటే, తగ్గించిన మొత్తానికి క్రెడిట్ నోట్ ఇవ్వవలసి వస్తుంది, మీ ఆడిటరుతో ఒక మాట చెప్పి ఉంచండి.

వాళ్ల మేనేజరు తెలుగువారేనన్నారు కనుక ఉత్తరం ఇలా ఉంటే సరిపోతుందని నా ఉద్దేశం:

‘గౌరవనీయులైన మేనేజరు గారికి,

జనవరి 9న ప్రచురించిన వీడియోకు 30 రోజుల్లో 1,20,000 వ్యూస్ వస్తాయని నేను మాటిచ్చాను. వచ్చినవి 61,000. తగ్గిన 59,000 గురించి నాకు అర్థమైన కారణాలను లెక్కతో సహా కింద రాస్తున్నాను.

వాటిలో 25,000 నా అంచనాలోని పొరపాటు. గత 12 వీడియోల సగటులో ఒక అసాధారణమైన వీడియో కలిసి ఉండగా, దాని ఆధారంగా మీకు సంఖ్య చెప్పాను. నా ఛానల్లో మామూలు వీడియోకు 30 రోజుల్లో వచ్చేవి దాదాపు 95,000. ఈ పొరపాటు పూర్తిగా నాదే.

మిగిలిన 34,000లో 17,400 మొదటి నాలుగు రోజుల్లో తగ్గాయి. ఆ రోజుల్లో వీడియో ఎప్పటిలాగే 6 లక్షల సార్లు ప్రేక్షకుల కంటపడింది, కానీ నూటికి 6 బదులు 3.1 మాత్రమే క్లిక్ అయ్యాయి. జనవరి 7న మీరు సూచించగా నేను అంగీకరించిన థంబ్‌నెయిల్ ఆ రోజుల్లో ఉంది. 13న దాన్ని మార్చిన తరువాత క్లిక్ శాతం 4.2కు, అంటే ఆ దశలో మా వీడియోలకు మామూలుగా ఉండే స్థాయికి వచ్చింది. అయితే ఆ తరువాత వీడియో కంటపడిన సార్లు 8 లక్షల బదులు 5 లక్షలకు తగ్గడంతో ఇంకో 13,000 తగ్గాయి. వాట్సాప్, నోటిఫికేషన్ల వంటి ఇతర మార్గాల్లో 3,600 తగ్గాయి.

మీ ఉత్పత్తి గురించిన భాగం 40వ సెకనులో మొదలైనప్పుడు చూస్తున్నవారు 68 శాతం, అంటే సుమారు 41,000 వ్యూస్‌లో ఆ భాగం మొదలైంది. చివరిదాకా చూసినవి సుమారు 25,000. మీ కూపన్ కోడ్ ఎన్నిసార్లు వాడారో తెలియజేస్తే రెండూ కలిపి చూడగలను.

తక్కువపడిన వాటికి బదులుగా నా తరువాతి వీడియోలో మీ ఉత్పత్తిని అరవై సెకన్లు అదనపు రుసుము లేకుండా ప్రస్తావిస్తాను. ఆ వీడియో థంబ్‌నెయిల్, ప్రస్తావన వచ్చే చోటు నిర్ణయించే వీలు నాకు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. 30 రోజుల్లో అది 59,000 వ్యూస్ తేలేకపోతే, తగ్గిన ఒక్కొక్క వ్యూకు 75 పైసల చొప్పున మిగిలిన చెల్లింపు నుంచి తగ్గించండి. లెక్కల ఫైలు జతచేశాను.’

ఇంతే చాలు. ఇంతకన్నా పొడవైతే చదవరు. ‘ఎంతో కష్టపడ్డాం, మూడు రోజులు షూట్ చేశాం’ అన్న వాక్యం రాయాలనిపిస్తుంది, అది వేరే మెయిల్‌కు వదిలేయండి.

ఫైలు గురించి రెండు మాటలు. స్క్రీన్‌షాట్లు పంపకుండా, యూట్యూబ్ స్టూడియోలో Advanced mode తెరిచి రోజువారీ పట్టికను డౌన్‌లోడ్ చేసి పంపండి. స్టూడియోలో రోజు అంటే మన రోజు కాదు, అమెరికా పసిఫిక్ కాలం ప్రకారం నడుస్తుంది. జనవరిలో అక్కడ అర్ధరాత్రి అయ్యేసరికి మనకు మధ్యాహ్నం ఒకటిన్నర. మీరు 9వ తేదీ సాయంత్రం 7 గంటలకు వేసిన వీడియోకు స్టూడియో చూపే మొదటి రోజు మర్నాడు మధ్యాహ్నంతో ముగుస్తుంది. 13న థంబ్‌నెయిల్ మార్చిన గంట కూడా అలాగే పక్క రోజులో కలిసి ఉండవచ్చు. ఈ సంగతి ఫైలు పైన ఒక వరుసలో రాయకపోతే వాళ్లు పబ్లిక్ పేజీలో చూసి రాసుకున్న అంకెలకూ మీవాటికీ పొంతన కుదరదు, అప్పుడు మొత్తం ఉత్తరం మీదే అనుమానం వస్తుంది.

షార్ట్స్ వ్యూస్ కలపవద్దు. 2025 మార్చి 31 నుంచి షార్ట్ ప్లే అవడం మొదలైతే చాలు వ్యూగా లెక్కిస్తున్నారు, ఎంతసేపు చూశారన్నదానితో సంబంధం లేదు. దాన్ని పెద్ద వీడియో వ్యూతో కలిపితే కిలో బియ్యంలో ఊక కలిపి తూచినట్టే. షార్ట్ చేసి ఉంటే విడిగా ఒక వరుసలో చూపండి, హామీ లెక్కలోకి తేవద్దు. అలాగే సొంత డబ్బుతో యూట్యూబ్ ప్రమోషన్ నడిపి అంకె నింపాలన్న ఆలోచన వస్తే, వాళ్లకు చెప్పి, వాళ్లు ఒప్పుకుంటేనే చేయండి. ఆ వ్యూస్ ట్రాఫిక్ సోర్స్ పట్టికలో యూట్యూబ్ అడ్వర్టైజింగ్ కింద వేరుగా కనిపిస్తాయి, రేపు అదే పట్టిక అడిగితే ఇవ్వక తప్పదు. డబ్బులిచ్చి వ్యూస్ కొనిపెట్టే వాళ్ల జోలికి అసలు పోవద్దు, ఛానల్‌కే ముప్పు.

స్టూడియోలో చివరి రోజుల అంకెలు స్థిరపడటానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. 30వ రోజు ఫిబ్రవరి 7న ముగిసింది కనుక పట్టికను 10వ తేదీ తరువాత మరోసారి దించి, పైన నేను వేసిన లెక్కలు ఆ కొత్త అంకెలతో కూడా కుదిరాయో లేదో చూసుకుని అప్పుడు పంపండి.